ప్రేమకథ అనువాదం: తెలుగులో దాచింది ఇంగ్లీషులో దాగట్లేదు, లేదంటే అసలు కనబడట్లేదు

కోట_జంక్షన్
ఒక పెద్దకథని తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చేస్తున్నా. రచయిత్రిది మన విజయనగరమే, పుస్తకం వచ్చేదాకా పేరు చెప్పకూడదని మాట ఇచ్చాను కాబట్టి అడక్కండి. కథలో ఉన్నదల్లా ఇద్దరు మనుషులు, ఒక శాఖా గ్రంథాలయం. ఆమె అక్కడ పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగి, సొంతూరు పాలకొండ దగ్గర పల్లె. అతను లెక్కల మాస్టారు, టెక్కలికి ట్రాన్స్‌ఫర్ అయిపోయింది. ప్రేమ అన్న మాట మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా రాదు. రచయిత్రి అనుమతితోనే ఈ ముక్క పెడుతున్నా:

"పుస్తకం ఇచ్చేద్దామని వచ్చాను."
"గడువు ఇంకా ఉంది కదా మాస్టారూ."
"ఉంది. మళ్ళీ ఇటు రావడం కుదరదేమో అని."
"అమ్మ అడగమంది మాస్టారూ, సిరిమానుకి వస్తారా అని."
"మీ అమ్మగారు పలాసలో ఉన్నారన్నారు?"
"ఫోన్లో అడిగింది మాస్టారూ."
"చూడాలి. సెలవు దొరకాలి."
"మంగళవారమే కదా. వత్తావా మరి?"
అతను కిటికీ వైపు చూశాడు. ఆమె గడువు చీటీ మీద స్టాంపు కొట్టింది.
"వానొచ్చేలా ఉంది. గొడుగు తెచ్చుకున్నారా మాస్టారూ?"

ఇంగ్లీషు ముసాయిదా చూసి ఎడిటర్ (ఢిల్లీలో ఉంటారు, తెలుగు రాదు) మార్జిన్లో ఒకటే మాట మళ్ళీ మళ్ళీ రాశారు, ఈమె మనసులో ఏముందో అందట్లేదు అని. "సిగ్గుగా అంది", "గొంతు వణుకుతుండగా అంది" లాంటివి పెట్టమంటున్నారు. పెడితే కథ చచ్చిపోతుంది. పెట్టకపోతే ఇంగ్లీషులో ఇది లైబ్రరీ రసీదులా ఉంది, ఆ మాటా నిజమే. ఏం చెయ్యమంటారు?

జీడిపప్పు77
సినిమా ఎప్పుడు రిలీజ్? సబ్‌టైటిల్స్ అయితే తక్కువ మాటల్లో ఉండాలి, స్క్రీన్ మీద రెండు లైన్లు దాటకూడదు, మా తమ్ముడు చేసేవాడు.

కోట_జంక్షన్
సినిమా కాదు బాబూ, పుస్తకం.

సెకండ్_షో
నా మాట వినండి, ఇంగ్లీషు వాళ్ళు ఏదైనా మొహం మీదే చెప్పేస్తారు, టీ ఇస్తూ ఐ లవ్ యూ, ఫోన్ పెట్టేస్తూ ఐ లవ్ యూ. వాళ్ళకి ఈ గొడుగులూ గడువులూ ఎక్కవు. కొంచెం విప్పి చెప్పక తప్పదు. "వణుకుతుండగా" వద్దనుకుంటే "ఒక క్షణం ఆగి" అని పెట్టుకోండి, పోయేదేముంది.

గాజులరేగ_అత్త
సెకండ్_షో, "ఒక క్షణం ఆగి" అని ఒకచోట పెడితే తప్పులేదు. పేజీకి నాలుగు పడితే ఆ మనుషులు మాట్లాడటం మానేసి ఆగడమే పనిగా పెట్టుకున్నట్టుంటుంది. నేను ఇటూ అటూ రెండు వైపులా అనువాదాలు చేసినదాన్ని, ఎడిటర్లతో పడిన గొడవల్లో సగం ఇవే.

కోట_జంక్షన్, లైన్లన్నిటికీ ఒకటే మందు వెయ్యకండి. "గడువు ఇంకా ఉంది కదా" ఉంది చూశారూ, దానికి మీరు చెయ్యాల్సిందేమీ లేదు. "ఇట్ ఈజంట్ డ్యూ యెట్" అంటే చాలు. లైబ్రరీ మనిషి పుస్తకం వెనక్కి తీసుకోవడానికి తటపటాయిస్తోంది, అది ఏ భాషలోనైనా వినబడుతుంది. ఆ తర్వాత లైను, "కుదరదేమో అని". తెలుగులో "అని" దగ్గర వాక్యం తెగిపోయింది, అసలు విషయం చెప్పలేదు. ఇంగ్లీషులోనూ తెగనివ్వండి, "ఇన్ కేస్" తో మొదలుపెట్టి సగం వాక్యం వదిలెయ్యండి. చాలామంది అక్కడ "అందుకే ఇవాళ వచ్చాను" అని పూర్తిచేస్తారు. పూర్తిచేసిన వాక్యంలో దాచడానికి చోటుండదు.

అసలు చిక్కు "అమ్మ అడగమంది" దగ్గర. మనవాళ్ళకి అలవాటైన దారి అది, అడగాలనుకున్నది అమ్మ నోట పెట్టి అడగడం. ఇంగ్లీషులో అదే మాట వట్టి సమాచారంగా దిగుతుంది, అమ్మ అడిగింది, ఈమె చేరవేసింది, అంతే. దాన్ని కాపాడేది ఆ మాట కాదు. అమ్మ అడగలేదని పాఠకుడికి ముందే తెలిసి ఉండాలి. కథలో అది ఎక్కడుంది?

కోట_జంక్షన్
ముందు పేజీలో ఉంది అత్తా. "అమ్మ పిన్ని కూతురి పురుడుకి పలాస వెళ్ళింది, ఫోన్ బియ్యం డబ్బా మీద మర్చిపోయి." ఆ ఫోన్ ముక్క అనవసరం అని ఎడిటర్ కొట్టేశారు. "తల్లి ఊళ్ళో లేదు" అన్నంత వరకే మిగిలింది.

గాజులరేగ_అత్త
దొరికింది కదా. ఆ ఫోన్ బియ్యం డబ్బా మీద ఉన్నందుకే "ఫోన్లో అడిగింది" అన్నది రెండో అబద్ధం అవుతుంది, అదీ పాఠకుడికే తెలుస్తుంది, మాస్టారికి అనుమానం మాత్రమే. ఎడిటర్ ఆ ముక్క కొట్టేసి, ఈమె మనసు అందట్లేదు అంటే ఎలా అందుతుంది? మీరు సంభాషణలో ఒక్క అక్షరం మార్చకండి. ఆ ఫోన్‌ని తిరిగి బియ్యం డబ్బా మీద పెట్టండి, అదీ వాక్యం చివర్లో, కంటపడేలా. దాన్ని మధ్యలో ఏ ఉపవాక్యంలోనో పడేస్తే జారిపోతుంది.

జీడిపప్పు77
పిన్ని ఫోన్ నుంచి చేసి ఉండొచ్చు కదా 😀

గాజులరేగ_అత్త
చేసి ఉండొచ్చు నాయనా. ఆ సందు ఉండబట్టే ఆమె అబద్ధం ఆడగలిగింది.

శాఖ_నం3
నేను లైబ్రరీలోనే పనిచేసి రిటైరయ్యాను. ఎవరూ అడగలేదు గానీ ఒక సంగతి చెప్పాలి. తిరిగిచ్చిన పుస్తకానికి గడువు చీటీ మీద స్టాంపు కొట్టం. రిజిస్టర్లో జమ వేసుకుంటాం, కార్డు తీసి ఇచ్చేస్తాం, పుస్తకం బీరువాలోకి పోతుంది. చీటీ మీద తేదీ కొట్టేది పుస్తకం బయటికి ఇచ్చేటప్పుడు మాత్రమే. ఆ అమ్మాయి అతను ఇచ్చేసిన పుస్తకాన్నే మళ్ళీ అతని పేరున ఇస్తోంది. కొత్త గడువు వేసిందంటే ఆ తేదీకి మళ్ళీ రావాలనే కదా. ఇంగ్లీషులో ఆ వాక్యం ఏమని రాశారు?

కోట_జంక్షన్
"షి స్టాంప్డ్ ది బుక్" అని ఉంది సార్.

శాఖ_నం3
అలా అంటే గ్రంథాలయం పేరున్న గుండ్రటి స్టాంపు అనుకుంటారు, అది పుస్తకం కొన్నప్పుడే పేజీల మీద పడేది. ఇక్కడ తేదీ అన్న మాట తప్పకుండా రావాలి. డేట్ స్లిప్ అంటే వాళ్ళకీ తెలుసు, మన పద్ధతి అక్కడినుంచి వచ్చిందే.

బొబ్బిలి_కోడలు
ఒళ్ళు జలదరించింది. తెలుగులో చదివినప్పుడు నాకసలు తట్టలేదు ఇది.

గాజులరేగ_అత్త
శాఖ_నం3 గారూ, నమస్కారం పెట్టాల్సిన మాట చెప్పారు. కోట_జంక్షన్, ఇంతే చాలు, "కొత్త తేదీ" అన్నంత వరకే. "అతను మళ్ళీ రావాలని" అని తోక తగిలించారో, ఆ పుస్తకం నేను కొనను. తెలుగు పాఠకుల్లోనే బొబ్బిలి కోడలికి తట్టలేదు కదా, ఇంగ్లీషులోనూ కొందరికి తట్టదు. ఆ మేరకు వదులుకోవాలి. మూలంలో పదిమందిలో ఆరుగురికి అందేది అనువాదంలో పదిమందికీ అందితే అది వేరే కథ.

సెకండ్_షో
మరి అసలు లైను సంగతి? "వత్తావా". అంతవరకు మీరు మీరు అంటూ వచ్చి ఒక్కసారి నువ్వులోకి దిగిపోయింది. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే యూ. ఇదైతే ఎలాగూ పోయినట్టే కదా.

కోట_జంక్షన్
నేను రాత్రుళ్ళు పడుకోకుండా ఆలోచిస్తున్నది దాని గురించే. పేరు పెట్టి పిలిపిద్దామా అనుకున్నా. కానీ ఆ అమ్మాయి మాస్టారిని పేరుతో పిలవడం అంటే చెయ్యి పట్టుకున్నంత పని. అంత దూరం ఆమె వెళ్ళదు.

గాజులరేగ_అత్త
పేరు వద్దు. ఆ సంభాషణలో "మాస్టారూ" ఎక్కడెక్కడ ఉందో చూడండి. ఆమె మాట్లాడిన ప్రతిసారీ ఉంది, "వత్తావా మరి" దగ్గర ఒక్కచోట లేదు, గొడుగు దగ్గర మళ్ళీ వచ్చేసింది. రచయిత్రి రెండో తాళం వేసి పెట్టింది మీకు. యూ మారకపోయినా, ఆ పిలుపు లేకపోవడం ఇంగ్లీషులోకి వస్తుంది. మీ ముసాయిదాలో "మాస్టారూ"లు ఎన్ని ఉంచారు?

కోట_జంక్షన్
రెండు. ప్రతి మాటకీ ఉంటే ఇంగ్లీషులో మోతగా ఉంటుందని.

గాజులరేగ_అత్త
అన్నీ ఉంచండి. మోతగా ఉండాలి. చెవికి అలవాటయ్యాకే కదా అది ఆగినప్పుడు తెలిసేది. ఈ పేజీలోనే కాదు, కథ మొదటినుంచి ఆమె ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు అనిపించండి, సార్ అని మార్చకుండా మాస్టారూ అనే.

ఇంకోటి, మర్యాదని ఇంగ్లీషు సర్వనామంలో చూపించదు గానీ క్రియ ముందు చూపిస్తుంది. "వుడ్ యు బి కమింగ్" కి "యూల్ కమ్, దెన్" కి ఎంత దూరముందో చూడండి. "సిరిమానుకి వస్తారా" దగ్గర వుడ్ పెట్టండి. "వత్తావా" దగ్గర అన్నీ తీసేసి "యూల్ కమ్, దెన్" అనండి. ఇంగ్లీషు మొహం మీద చెప్పే భాష అని సెకండ్_షో అన్నది సగమే నిజం, వాళ్ళ దగ్గర దాచుకునే చోటు అక్కడుంది.

సెకండ్_షో
అదే నేనూ అనబోతున్నా! "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్" అని వర్తమానాన్ని భూతకాలంలో పెట్టి అడుగుతారు చూశారా, అది మన "అమ్మ అడగమంది" లాంటిదే. దాన్ని వాడేస్తే అమ్మ గొడవే ఉండదు.

గాజులరేగ_అత్త
మాస్టారి నోట అయితే ఒకటి రెండుసార్లు సరిపోతుంది, చదువుకున్న మనిషి, జంకు మనిషి. ఆమె నోట పెట్టారంటే పాలకొండ పల్లె పిల్ల పాతకాలం లండన్ దొరసాని అయిపోతుంది. పైగా అమ్మని తీసేస్తే అబద్ధం పోతుంది, అబద్ధం పోతే బియ్యం డబ్బా మీద ఫోన్ ఎందుకు?

పాలకొండ_రోడ్డు
ఇంతసేపు చదివాను, ఒకటి అడగాలి. మీరంతా "వత్తావా" అంటే నువ్వు అంది కాబట్టి దగ్గరైంది, ప్రేమ బయటపడింది అనుకుంటున్నారు. మావైపు ఊళ్ళలో అందరినీ నువ్వే అంటాం. మా నాన్నని నువ్వు, మా తాతని నువ్వు, కరణం గారిని కూడా మా మామ్మ నువ్వే అనేది, అందులో అమర్యాదా లేదు, చనువూ లేదు. ఈ మీరు గారు అన్నీ టౌన్లో ఉద్యోగానికొచ్చాక నేర్చుకున్నవి. రచయిత్రి "వస్తావా" అని రాయలేదు చూడండి, "వత్తావా" అని రాసింది. ఒక్క నువ్వే కావాలనుకుంటే "వస్తావా" సరిపోయేది. ఆ పిల్ల కంగారులో ఇంటి మాటలోకి జారిపోయింది. అంతే.

నేను విశాఖలో కొత్తగా చేరినప్పుడు మా మేనేజర్‌ని "ఏటి సార్, అన్నం తినీసావా" అన్నాను. ఆయన్ని ప్రేమించలేదు నేను.

జీడిపప్పు77
మేనేజర్ ఏమనుకున్నాడో 😂😂

బొబ్బిలి_కోడలు
పాలకొండ గారు చెప్పింది నిజం. మా అత్తగారూ అందరినీ నువ్వే అంటారు. పెళ్ళైన కొత్తలో మా ఆయన్ని నేను మీరు అంటుంటే ఆవిడ, "ఏటమ్మా మావోడి మీద కోపవా" అని అడిగారు. మాది గుంటూరు వైపు, అక్కడ ఇది తలకిందులు.

కోట_జంక్షన్
అయితే పాలకొండ గారూ, మీ లెక్కన ఆ లైనులో ప్రేమ లేదంటారా?

పాలకొండ_రోడ్డు
ఉంది, నువ్వులో లేదంటున్నా. ఇంతకాలం అతని ముందు టౌన్ మాట మాట్లాడిన మనిషికి ఆ క్షణంలో కాపలా తప్పింది. అందుకే వెంటనే సర్దుకుని "తెచ్చుకున్నారా మాస్టారూ" అంది. ఇంగ్లీషులో మీరు చూపించాల్సింది చనువు కాదు, మాట మారడం. "యూల్ కమ్, దెన్" అంటే హక్కున్నట్టు అడిగినట్టుంది, ఆ పిల్ల హక్కుతో అడగట్లేదు.

గాజులరేగ_అత్త
మాట మారడం ఇంగ్లీషులో ఎలా చూపిస్తారు? ఏ లండన్ పేటల యాసో, అమెరికా దక్షిణాది యాసో తెచ్చి ఆమె నోట్లో పెడితే నవ్వులపాలే. ఒకసారి ఒక ఎడిటర్ నా చేత అలా చేయించి అచ్చువేయించారు, ఆ పుస్తకం ఇంట్లో పైకి తీయను.

పాలకొండ_రోడ్డు
యాస వద్దండి. వ్యాకరణం కొంచెం వదులు చేస్తే చాలు. అంతవరకు ఆమె వాక్యాలు టౌన్ లెక్కన పూర్తిగా, శుభ్రంగా ఉంటాయి కదా. ఇక్కడ "ట్యూస్‌డే, ఇట్స్ ఓన్లీ ట్యూస్‌డే. యు కమింగ్?" అన్నట్టు, ఆర్ తీసేసి. అది ఏ ఊరి యాసా కాదు, ఇంట్లో మాట్లాడే మాట అంతే.

గాజులరేగ_అత్త
అది బాగుంది. కానీ మీరు చెప్పినట్టు చేస్తే మిగతా చోట్ల ఆమె ఒక్క వాక్యం కూడా సగంలో వదలకూడదు. వంద పేజీలు చూసుకోవాలి, కోట_జంక్షన్‌కి పని పెట్టారు. పైగా "యు కమింగ్" ఈ రోజుల్లో కాలేజీ పిల్లల ఫోన్ మెసేజిలా కూడా వినబడుతుంది. నాకింకా "యూల్ కమ్, దెన్" వైపే మొగ్గు.

ఇచ్ఛాపురం_బోర్డర్
మా వైపు ఇంకో తలనొప్పి. నేను ఇలాంటివి ఒడియాలోకి చేస్తుంటాను. అక్కడ తు, తుమె, ఆపణ అని మూడున్నాయి. యూ ఒకటే ఉండి మీరు ఏడుస్తున్నారు, నాకేమో మూడుండి ఏడుపు. ఆపణ నుంచి తుమెకి దిగితే అది స్నేహంగా, నిదానంగా ఉంటుంది, ఆమె ఆలోచించుకుని దిగినట్టుంటుంది. తు అంటే మరీ చిన్నపిల్లాడినో, బాగా దగ్గరివాళ్ళనో అన్నట్టు. పాలకొండ గారు చెప్పిన జారిపోవడం రెండిట్లోనూ రాదు. తెలుగులో ఒకటే నువ్వు కాబట్టి రచయిత్రి అది చనువో, కంగారో తేల్చకుండా తప్పించుకోగలిగింది. నేను తేల్చక తప్పదు.

సెకండ్_షో
అయితే ఇంగ్లీషే నయం అంటారా 😀

ఇచ్ఛాపురం_బోర్డర్
ఈ ఒక్క లైనుకి, అవును. చిన్న మాట, సిరిమాను గురించి ఏం చేశారు? ఆమె నోట "మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం" అని వివరం పెట్టలేదు కదా?

కోట_జంక్షన్
ఎడిటర్ అదే అడిగారు. సంభాషణలో కాకుండా మొదటి అధ్యాయంలో కోట ముందు రోడ్డు మీద కట్టే పందిళ్ళ గురించి ఒక పేరా ఉంది, పండుగ దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం అని అక్కడే వస్తుంది. సో ఇక్కడ "మంగళవారమే కదా" అన్నది పాఠకుడికి అందుతుంది.

ఇచ్ఛాపురం_బోర్డర్
సరిపోయింది. ఆమె నోట వివరం పెట్టి ఉంటే విజయనగరంలో ఉన్న మాస్టారికి సిరిమాను అంటే ఏంటో చెప్తున్నట్టు ఉండేది.

గాజులరేగ_అత్త
అన్నీ సరిచేశాక తెలుగు రాని మనిషి ఒకరి చేత చదివించండి. "ఆమె అతన్ని ప్రేమిస్తోందా" అని అడగకండి. ప్రేమకథ అని అట్ట మీదే ఉంటుంది, ఎవరైనా అవుననే అంటారు. "అమ్మ అడగలేదని అతనికి తెలుసా? తెలిసిందని ఆమెకి తెలుసా?" అని అడగండి. మొదటిదానికి అతనికి అనుమానమే రాలేదనో, ఆ ప్రశ్నే అర్థం కాలేదనో అంటే మీరు ఎక్కువ దాచారు. రెండోదానికి ఠక్కున అవును అంటే ఎక్కువ విప్పేశారు, అక్కడ చదివినవాళ్ళు కొంచెం నీళ్ళు నమలాలి.

కోట_జంక్షన్
చదివించాను. మా ఆఫీసులో నాగాలాండ్ అమ్మాయి ఉంది. ఫోన్ తిరిగి పెట్టి, మాస్టారూలన్నీ ఉంచి, డేట్ స్లిప్ రాసి, "యూల్ కమ్, దెన్" తో ఇచ్చాను. తల్లి అడగలేదని అతనికి అనుమానం వచ్చింది, అందుకే కిటికీ వైపు చూశాడు అంది. అతనికి తెలిసిందని ఆమెకి తెలుసా అంటే, "తెలిసే ఉంటుంది, లేకపోతే గొడుగు గురించి ఎందుకు" అని, మళ్ళీ "ఏమో, నిజంగా వాన గురించేనేమో" అంది. స్టాంపు గురించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

శాఖ_నం3
అడగకపోవడం మంచిదైంది.

కోట_జంక్షన్
"వత్తావా" దగ్గర మాత్రం "ఇక్కడ ఆమెకి కొంచెం కోపం వచ్చినట్టుంది" అంది.

పాలకొండ_రోడ్డు
చెప్పానా! హక్కున్నట్టు ఉందని. "యు కమింగ్" పెట్టి ఇంకొకరి చేత చదివించండి.

గాజులరేగ_అత్త
కోపం కొంచెం ఉంటే నష్టమేంటి? సెలవు దొరకాలి అన్నాడు కదా, నాకే వచ్చింది. "దెన్" పక్కన ప్రశ్నార్థకం ఉంచారా, తీసేశారా?

కోట_జంక్షన్
తీసేశా.

గాజులరేగ_అత్త
పెట్టి చూడండి. తీసేస్తే ఆజ్ఞ, పెడితే అడగడం. పాలకొండ గారికి కావల్సింది అందులో సగమైనా వస్తుంది.

పాలకొండ_రోడ్డు
సగంతో ఒప్పుకోను గానీ, పెట్టండి. రెండు రకాలూ రచయిత్రికి పంపి ఆవిడ్నే అడగొచ్చు కదా?

కోట_జంక్షన్
అడిగాను. "నాకు అలా వినబడింది, అలా రాశాను" అన్నారు.